జర్నల్ క్లబ్: వెనక వరుసకు కనబడని గ్రాఫ్‌ను తిరిగి గీసిన విధం (నా అనుభవం)

కర్నూలులో మెడిసిన్ పీజీలు తరచూ అడుగుతుంటారు: పేపర్‌లోని గ్రాఫ్ స్లైడ్‌లో పెడితే రెండు గీతలూ అతుక్కుపోయినట్టు కనబడతాయి, ఏం చేయాలని. గుండె వైఫల్యంలో డాపాగ్లిఫ్లోజిన్ మందును ప్లాసిబోతో పోల్చిన DAPA-HF (2019) పేపర్‌తో నాకూ అదే జరిగింది. స్క్రీన్‌షాట్ పెద్దది చేయడం, రంగులు మార్చడం, బాణాలు పెట్టడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. మొదట గ్రాఫ్ చెప్పే విషయాన్ని ఒక్క వాక్యంగా రాసి స్లైడ్ శీర్షిక చేశాను: "గుండె వైఫల్యం ముదరడం లేదా గుండె జబ్బుతో మరణం: డాపాగ్లిఫ్లోజిన్‌తో 16.3%, ప్లాసిబోతో 21.2%". తర్వాత బొమ్మలోని గీతల నుంచి అంకెలు తీసే WebPlotDigitizer అనే సాధనంలో గ్రాఫ్ బొమ్మ తెరిచి, ఒక్కో అక్షం మీద తెలిసిన రెండు విలువలు గుర్తించి, ఒక్కో గీత నుంచి బిందువులు తీశాను. ఎక్సెల్‌లో తిరిగి గీసేటప్పుడు నిలువు అక్షాన్ని 100 దాకా కాకుండా 30 దగ్గరే ఆపి, ఆ సంగతి స్లైడ్‌లోనే రాశాను. అలా రాయకపోతే తేడా ఉన్నదానికంటే పెద్దదిగా తోస్తుంది. మందు పేర్లు పక్కన పెట్టెలో కాకుండా గీతల కొసల్లోనే పెట్టాను. కింద ఇంకా ఎందరు పరిశీలనలో ఉన్నారో చెప్పే వరుసను మాత్రం తీయలేదు. చివరి నెలల్లో ఆ సంఖ్య బాగా పడిపోతుంది, అక్కడి గీతను అంత నమ్మకూడదు.

ఆఖరున నా గీతను సగం పారదర్శకంగా చేసి అసలు బొమ్మ మీద పరిచి చూశాను. ఎక్కడైనా పక్కకు జరిగితే అక్షాల గుర్తింపు తప్పినట్టే.

ఈ శీర్షిక స్లైడ్ కుదిరాక మిగతా వరస దాని చుట్టూనే అమరింది: ముందు ప్రశ్న, ఎవరిని చేర్చుకున్నారు, ఈ గ్రాఫ్, తర్వాత పరిమితులు. ఫారెస్ట్ ప్లాట్లకు ఈ పద్ధతి అక్కర్లేదనుకుంటా. వాటి అంకెలు పేపర్‌లోనే అచ్చయి ఉంటాయి, నేరుగా టైప్ చేసుకోవచ్చు.