ఎమోజీలు అవే, మాటలు అవే, ఒక పోస్ట్ వెళ్తుంది, ఇంకోటి వెళ్లదు: ఎక్కడ చూడాలి

సమస్య: చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పోస్టులు. ఒకటి ఎక్స్‌లో సరిగ్గా 280కి సరిపోయింది, రెండోది మైనస్ 3 అని ఎర్రగా చూపిస్తోంది. లేదంటే మీ షెడ్యూలింగ్ టూల్ "లిమిట్ దాటింది" అంటోంది, అదే టెక్స్ట్ యాప్‌లో మాత్రం హాయిగా వెళ్లిపోతోంది. అందరూ ముందు చేసే పని ఎమోజీలు పీకేయడం. దయచేసి ఆగండి.

అన్నిటికంటే ముందు: ఏ యాప్‌లో పోస్ట్ చేయాలో ఆ యాప్ రాసే బాక్సులోనే పేస్ట్ చేసి, అది చూపించే అంకె చూడండి. ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. ఎక్సెల్ షీట్‌లోనో ఏదో "క్యారెక్టర్ కౌంటర్" సైట్‌లోనో లెక్కపెట్టి, ఎక్స్ తప్పు చేస్తోందని గొడవ పడతారు. ఎవరి లెక్క వాళ్లది. ఒక చిన్న ఉదాహరణ:

అందరికీ నమస్కారం 🙏🏽👨‍👩‍👧‍👦🇮🇳❤️

కంటికి కనిపించేవి నాలుగు ఎమోజీలు. బ్లూస్కై, మాస్టడాన్‌లు వీటిని నాలుగుగానే లెక్కేస్తాయి, ఎందుకంటే అవి కంటికి ఒక్కటిగా కనిపించేదాన్ని ఒక్కటిగానే చూస్తాయి. ఎక్స్ ఒక్కోదానికి 2 చొప్పున 8 అంటుంది. జావాస్క్రిప్ట్‌లో `length` అడిగితే 21 వస్తుంది, చాలా టూల్స్ వాడేది ఇదే. థ్రెడ్స్ ఏపీఐ డాక్యుమెంటేషన్ ప్రకారం ఎమోజీలకు యూటీఎఫ్-8 బైట్లు లెక్క, అలా చూస్తే 47. ఆ కుటుంబం ఎమోజీ ఒక్కదానికే 25 బైట్లు, ఎందుకంటే లోపల నలుగురు మనుషులు, వాళ్లను కలిపి ఉంచే కనిపించని జాయినర్లు మూడు (U+200D) ఉన్నాయి. నమస్కారం బొమ్మకు పట్టిన రంగు కూడా విడిగా ఒక కోడే.

ఎక్స్ మొదటి నుంచీ ఇంత ఉదారంగా ఏం లేదు. 2018 అక్టోబర్ దాకా ఆ కుటుంబానికి లోపలున్న ముక్కలన్నీ లెక్కేసేది, ఆ తర్వాతే ఏ ఎమోజీ అయినా 2 అని పెట్టింది. కాబట్టి టూల్ ఒప్పుకోక యాప్ ఒప్పుకుంటే తప్పు టూల్‌దే, పోస్ట్‌ను ముట్టుకోకండి. యాప్ నుంచే నేరుగా వేసేయండి, లేదా టూల్ వాళ్లకు చెప్పండి.

అసలు దొంగ: యాప్‌లోనే రెండు పోస్టులకూ తేడా వస్తే సంగతి వేరు. రెండింట్లోనూ ఎమోజీలు అవే అయితే ఎక్స్‌లో వాటివల్ల తేడా వచ్చే అవకాశం దాదాపు లేదు, చర్మం రంగు మారినా సరే, 🙏కీ 2, 🙏🏽కీ 2. అయినా జనం ఎమోజీల మీదే పడతారు, తేడా మాత్రం పక్కనున్న తెలుగులో ఉంటుంది.

మొన్న ఒక పుస్తక ప్రదర్శన పోస్టుకు ఇదే గొడవ. ఒకరు ఫోన్‌లో కొట్టారు, ఇంకొకరు కంప్యూటర్‌లో కొట్టారు, అక్షరం పొల్లుపోకుండా ఒకటే, పుస్తకాల ఎమోజీలతో సహా. ఫోన్‌లో కొట్టింది 280, కంప్యూటర్‌లోది 283. తేడా ఉన్నది ఈ లైన్లో: "స్టాల్‌ నంబర్‌ 12, టికెట్‌ లేదు". ఆ మూడు మాటల చివర పొల్లు తర్వాత కనిపించని ఒక్కో అక్షరం కూర్చుని ఉంది. దాని కోడ్ U+200C, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఎమోజీల్లో ఉండే 200Dకి ఇది తోడబుట్టిందే, అది కలుపుతుంది, ఇది కలవనివ్వదు.

మనకు అది అవసరమే. "ఫేస్‌బుక్" అని రాస్తే స, బ కలిసి "ఫేస్బుక్" అయిపోకుండా అడ్డం పడేది అదే. కానీ కొన్ని కీబోర్డులు, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు ఇచ్చే టూల్స్, పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా దాన్ని తగిలించేస్తాయి. తర్వాత ఖాళీ వస్తే అక్కడ కలిసేదేమీ లేదు, కాబట్టి ఉన్నా లేకపోయినా కంటికి ఒకటే. అచ్చ తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి కాబట్టి వాటికి బెడద లేదు. స్టాల్, నంబర్, టికెట్, ఆఫర్ లాంటివి ఎక్కువున్న పోస్టులే దెబ్బ తింటాయి, అంటే సరిగ్గా ప్రకటనలు.

ఇక్కడ ఎక్స్ లెక్కలో ఒక మెలిక ఉంది. ఎమోజీ లోపల జాయినర్ ఉంటే అది ఎమోజీలో భాగం, దానికి విడిగా ఏమీ పడదు. మాటల మధ్య ఉన్న 200C, దారి తప్పి విడిగా పడిపోయిన 200D మాత్రం మామూలు అక్షరాల్లాగే ఒక్కోటి 1. తెలుగు కూడా కోడ్ ప్రకారమే, "శ్రీ" ఒక్క అక్షరంలా కనిపించినా శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి 4. బ్లూస్కైలో, మాస్టడాన్‌లో ఈ కనిపించనిది ముందు అక్షరంలో కలిసిపోతుంది, తేడా రాదు. అందుకే "అక్కడ వెళ్లింది, ఇక్కడ వెళ్లలేదు" అనే ఫిర్యాదు.

ఎలా పట్టుకోవాలి: బ్రౌజర్ కన్సోల్ తెరిచి అనుమానం ఉన్న మాటను ఇందులో పెట్టండి.

```
[..."టికెట్‌ "].map(c => c.codePointAt(0).toString(16)).join(" ")
// c1f c3f c15 c46 c1f c4d 200c 20
```

c4d అంటే పొల్లు, 20 అంటే ఖాళీ. వాటి మధ్య 200c కనిపించిందంటే దొరికినట్టే. కన్సోల్ తెలియనివాళ్లు ఆ మాటను చెరిపేసి, మొదటి పోస్ట్ కొట్టిన కీబోర్డుతోనే మళ్లీ కొట్టి, అంకె తగ్గిందేమో చూస్తే చాలు.

ఎలా తీయాలి: మాట చివర ఉన్నవి మాత్రమే తీయండి.

```
text.replace(/\u200c(?=[\s,.!?]|$)/g, "")
```

"కనిపించనివన్నీ తీసేద్దాం" అని 200c, 200d మొత్తం ఊడ్చేసే సలహా తిరుగుతూ ఉంటుంది, అది మాత్రం వినకండి. మధ్యలో ఉన్న 200c పోతే "ఆఫీస్‌లో" కాస్తా "ఆఫీస్లో" అవుతుంది. 200d పోతే కుటుంబం ఎమోజీ నాలుగు విడి మొహాలుగా 👨👩👧👦 విడిపోయి, ఎక్స్‌లో 2 ఉన్నది 8 అవుతుంది. లెక్క తగ్గించబోయి 6 పెంచుకున్నట్టు.

ఇవేవీ కాకపోతే మిగిలినవి అరుదు. "స్టైలిష్ ఫాంట్" సైట్ల నుంచి తెచ్చిన లావు ఇంగ్లిష్ అక్షరాలు (𝐒𝐀𝐋𝐄) ఎక్స్‌లో ఒక్కోటి 2 తింటాయి, మామూలుగా కొట్టుకోండి. లింక్ ఎంత పొడుగున్నా 23, దాన్ని కుదించి లాభం లేదు. బ్లూస్కైలో 300 లోపే ఉన్నా ఒప్పుకోకపోతే దానికి 3000 బైట్ల రెండో హద్దు కూడా ఉంది, కుటుంబం ఎమోజీలు 120 పెడితే అక్కడికి చేరతారు. అన్ని పెట్టేవాళ్లకు నా దగ్గర పరిష్కారం లేదు.