రెఫరల్ అడిగితే ‘చూస్తా తమ్మీ’ అనకండి

హన్మకొండ నుంచో కరీంనగర్ నుంచో అమెరికా వచ్చి కొత్త కంపెనీలో కుదురుకున్నారో లేదో, పాత ఆఫీసు వాళ్ల మెసేజీలు మొదలైతయి: “అన్నా, మీ కంపెనీల పోస్టింగ్ పడ్డది, జర రెఫర్ చెయ్యరాదే.” మంచి పిల్లగాడే, కాజీపేటోడే. రోజూ కలిసి బువ్వ తిన్నారు. కానీ ఆయనది టెస్టింగ్ టీమ్, మీది డేటాబేస్. ఆయన పని మీరెప్పుడూ చూడలేదు. చిక్కంతా ఇక్కడే.

చాలా కంపెనీల రెఫరల్ ఫారంలో రెజ్యూమే, జాబ్ నంబరుతో పాటు ఇంకో ప్రశ్న ఉంటుంది: ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసు, కలిసి పనిచేశారా? ‘అవును’ అని రాస్తే, ఆ నియామకం చూసే మేనేజర్ మీకే ఫోన్ చేసి, ఒత్తిడిలో ఎట్లా పనిచేస్తాడు, ఏమేం పనులు చేశాడు అని అడగొచ్చు. అప్పుడు నీళ్లు నమలాల్సి వస్తుంది. ఆ తర్వాత మీరు నిజంగా తెలిసిన మనిషిని పంపినా ఆ మాటకు బరువుండదు.

అందరూ చేసే తప్పు ‘చూస్తాలే’ అని ఊరుకోవడం. మొహమాటం కొద్దీ అన్న ఆ మాటే ఆయనకు ఎక్కువ నష్టం చేస్తుంది. చాలాచోట్ల నేరుగా అప్లై చేశాక రెఫరల్ అతకదు, కాబట్టి మీ కోసం అప్లై చెయ్యకుండా ఆగుతాడు. ఈలోగా పోస్టింగ్ మూసేస్తారు. ఆయన హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోయినోడైతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే ఇంకా తక్కువ. అందులో పది రోజులు మీ మొహమాటానికి పోతయి.

కాబట్టి మరుసటి రోజులోపే, మెసేజ్‌లో కాకుండా ఫోన్‌లో చెప్పండి: “తమ్మీ, నీ పని నేను దగ్గరుండి చూడలె. ఫారంల కలిసి పనిచేసినరా అని అడుగుతరు, అబద్ధం రాయలేను. నేను రెఫర్ చెయ్య. నా కోసం ఆగకు, ఇయ్యాల్నే అప్లై చెయ్యి.” ‘కంపెనీ రెఫరల్స్ ఆపేసింది’ అని సాకు చెప్పొద్దు. అదే బిల్డింగులో ఇంకో వరంగల్ మనిషి ఉంటాడు, సాయంత్రానికి తెలిసిపోతుంది.

ఆయన పని చూసినోళ్లు ఎవరో అడగండి. పాత లీడ్ ఇప్పుడు మీ కంపెనీలోనే ఉంటే, రెఫరల్ ఆయన చేత పెట్టించుకోవడమే సరైన దారి. మీరు చేయగలిగింది ఆ టీమ్ ఏం పని చేస్తుందో, ఇంటర్వ్యూ ఎన్ని రౌండ్లో, కంపెనీ బయటికి చెప్పనిచ్చినంత మేరకు చెప్పడం. మేనేజరే మిమ్మల్ని అడిగితే ‘కలిసి పనిచేయలేదు’ అనండి, అంతే. మంచీ వద్దు, చెడూ వద్దు.

ఇంటి దగ్గర నుంచి ఫోన్ రావడం కూడా ఖాయమే. ‘వాళ్లమ్మ అడిగింది బిడ్డా, జర చూడరాదు’ అంటే, ‘నేను చెప్పాల్సింది వానికే చెప్పిన అమ్మా’ అనండి. పిల్లగాని వీసా సంగతి, పని సంగతి ఆ ఫోన్‌లో ఎత్తకండి. అవి తెల్లారేసరికి వాడకట్టంతా తిరుగుతయి.