మునిమాపు వేళ రిలే టకటకలాడుతోందా? ష్మిట్ ట్రిగ్గర్‌తో కుదురు చేయడం ఎలా?

చీకటి పడగానే వరండా దీపం దానంతటదే వెలగాలని వెలుతురును బట్టి రెసిస్టెన్స్ మారే ఎల్‌డీఆర్, రెండు వోల్టేజీలను పోల్చే కంపారేటర్, దీపాన్ని వేసి ఆర్పే రిలే కలిపి సర్క్యూట్ కడతారు. చేత్తో ఎల్‌డీఆర్‌ను మూసి చూస్తే టక్కున వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. అంతా బాగుందనుకుని గోడకు బిగిస్తారు. అసలు సాయంత్రం వచ్చేసరికి రిలే పది సెకన్ల పాటు టకటకమని కొట్టుకుంటుంది, దీపం రెపరెపలాడుతుంది, ఆ తర్వాతే కుదురుకుంటుంది. రోజుకు రెండుసార్లు ఇలా జరిగితే రిలే పాయింట్లు కాలి అతుక్కుపోవడానికి ఎంతో కాలం పట్టదు.

చేత్తో మూసినప్పుడు రాని తంటా సాయంత్రమే ఎందుకు వస్తుందో తెలియాలంటే చిన్న లెక్క చాలు. విశాఖలో సూర్యుడు కొండల వెనక్కి దిగాక వెలుతురు నిమిషాల తరబడి తగ్గుతూ పోతుంది. ఆ సమయంలో ఎల్‌డీఆర్ దగ్గర వోల్టేజీ సెకనుకు ఓ 4 మిల్లీవోల్టుల చొప్పున జారుతుందనుకుందాం. దాని మీద సన్నటి వణుకు కూడా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పక్కింటి ట్యూబులైటు, వీధి దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఎల్‌డీఆర్ మందకొడిదే అయినా అందులో కొంత దాని దాకా వస్తుంది. పొడుగు వైరు ఉంటే అది కూడా చుట్టుపక్కల కరెంటు హమ్మును పట్టుకుంటుంది. ఈ వణుకు మొత్తం 40 మిల్లీవోల్టులనుకుంటే, వోల్టేజీ కంపారేటర్ గీతను, అంటే అది నిర్ణయం మార్చుకునే వోల్టేజీని, పూర్తిగా దాటడానికి 10 సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో వణుకు సుమారు వెయ్యిసార్లు గీతకు అటూ ఇటూ దూకవచ్చు. అంతసేపూ కంపారేటర్ గోడ మీద పిల్లే. చేత్తో మూసినప్పుడు గీత దాటడం రెప్పపాటులో అయిపోతుంది, అందుకే తంటా కనిపించదు.

ఒకే గీత ఉండటమే ఇక్కడ తప్పు. రెండు గీతలు పెట్టాలి. వెలుతురు తగ్గుతూ కింది గీతను తాకితే దీపం వెలగాలి. వెలిగిన మరుక్షణం ఆ గీత పైకి జరిగిపోవాలి. ఇక వోల్టేజీ కొత్త గీత దాకా ఎక్కితే తప్ప దీపం ఆరకూడదు. రెండు గీతల మధ్య ఎడం వణుకు కంటే పెద్దదైతే, ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని వణుకు తిరగరాయలేదు. ఆ ఎడాన్నే హిస్టెరిసిస్ అంటారు. స్క్విడ్ నరాల్లో సంకేతాలు ఎలా పాకుతాయో చదువుతున్న అమెరికన్ విద్యార్థి ఒట్టో ష్మిట్ 1934లో ఈ సర్క్యూట్ కనిపెట్టాడు. అప్పట్లో వాల్వులతో కట్టినది ఇప్పుడు ఒక్క అదనపు రెసిస్టర్‌తో అయిపోతుంది.

కావలసినవి: ఎల్‌ఎం393 ఐసీ ఒకటి, మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌డీఆర్, 50కె ప్రీసెట్, 10కె రెసిస్టర్లు రెండు, 47కె, 2.2కె, 1కె ఒక్కొక్కటి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 2ఎన్7000 మాస్‌ఫెట్, 1ఎన్4007 డయోడ్, 5 వోల్టుల రిలే. సప్లైకి పాత మొబైల్ చార్జర్ చాలు.

1. వెలుతురు వైపు కట్టడం. ఎల్‌డీఆర్‌ను 5 వోల్టుల నుంచి ఐసీ 2వ పిన్నుకు కలపండి. అదే పిన్ను నుంచి గ్రౌండుకు ప్రీసెట్, దానితో వరసలో 1కె పెట్టండి. ప్రీసెట్ పొరపాటున సున్నాకు తిరిగినా ఎల్‌డీఆర్ గుండా మరీ ఎక్కువ కరెంటు పోకుండా ఆ 1కె కాపాడుతుంది. ఎండలో 2వ పిన్ను వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది, చీకట్లో పడిపోతుంది.

2. రెండు గీతలు గీయడం. 3వ పిన్నుకు 5 వోల్టుల నుంచి ఒక 10కె, గ్రౌండు నుంచి ఇంకో 10కె. ఇంతవరకే అయితే గీత ఒక్కటే, 2.5 వోల్టుల దగ్గర. ఇప్పుడు అవుట్‌పుట్ అయిన 1వ పిన్ను నుంచి 3వ పిన్నుకు 47కె పెట్టండి. ష్మిట్ ట్రిగ్గర్ అంటే ఈ 47కె రెసిస్టరే. అవుట్‌పుట్ కిందికి దిగినప్పుడు 3వ పిన్నును కిందికి లాగుతుంది, పైకి లేచినప్పుడు పైకి లాగుతుంది. రెండు 10కెలు కలిసి 3వ పిన్నుకు 5కె లాగా కనిపిస్తాయి కాబట్టి గీతల మధ్య ఎడం ఇంత:

```
5 × 5 / (5 + 47) = 0.48 V
```

తర్వాతి మెట్టులో వచ్చే పుల్‌అప్ రెసిస్టర్, అవుట్‌పుట్‌లో మిగిలిపోయే కొద్దిపాటి వోల్టేజీ కలుపుకుంటే నిజంగా కింది గీత 2.27, పై గీత 2.73 వోల్టుల దగ్గర పడతాయి. ఎడం 0.46. మనం అనుకున్న 40 మిల్లీవోల్టుల వణుకుకు ఇది పది రెట్లు మించి.

3. అవుట్‌పుట్. ఎల్‌ఎం393 అవుట్‌పుట్‌ను కిందికి లాగగలదే గానీ పైకి తోయలేదు. అందుకని 1వ పిన్ను నుంచి 5 వోల్టులకు 2.2కె పుల్‌అప్ తప్పనిసరి. 1వ పిన్నును మాస్‌ఫెట్ గేటుకు కలపండి. సోర్స్ గ్రౌండుకు, డ్రెయిన్ రిలే కాయిల్‌కు, కాయిల్ రెండో కొస 5 వోల్టులకు. డయోడ్‌ను కాయిల్ రెండు కొసల మధ్య, దాని ఒంటి మీద గీత ఉన్న కొస 5 వోల్టుల వైపు వచ్చేలా పెట్టండి. 2ఎన్7000 చదును ముఖం మీవైపు ఉంటే ఎడమ నుంచి సోర్స్, గేటు, డ్రెయిన్. దాని బదులు బీఎస్170 ఇస్తే వరస తిరగబడుతుంది, చూసుకోండి. 8వ పిన్ను 5 వోల్టులకు, 4వ పిన్ను గ్రౌండుకు. ఆ రెండింటి మధ్య 0.1 మైక్రోఫారడ్‌ను ఐసీని ఆనుకునేలా పెట్టాలి. వాడని 5, 6 పిన్నులు గ్రౌండుకు వేయండి.

4. గీతలు నిజంగా పడ్డాయో లేదో కొలవడం. ఈ మెట్టు దాటేయకండి. ఎల్‌డీఆర్, ప్రీసెట్ పక్కన పెట్టి, ఒక 10కె పాట్ రెండు కొసలను 5 వోల్టులకు, గ్రౌండుకు కలిపి, నడిమి కాలును 2వ పిన్నుకు ఇవ్వండి. మల్టీమీటర్‌ను 2వ పిన్ను మీద ఉంచి పాట్‌ను మెల్లగా తగ్గించుకుంటూ రండి. 2.27 దగ్గర రిలే టక్ అనాలి. ఇప్పుడు వెనక్కి తిప్పండి. 2.5 దాటినా ఉలుకూ పలుకూ ఉండదు, 2.73 దగ్గర రెండో టక్ వినిపిస్తుంది. రెండు టక్కులూ ఒకే చోట వస్తుంటే 47కె ఎక్కడో తెగి ఉంది. రిలే ఆగకుండా బుర్రుమంటుంటే 47కెను 3వ పిన్నుకు కాకుండా 2వ పిన్నుకు కలిపేశారేమో చూడండి. అప్పుడు అవుట్‌పుట్ తన నిర్ణయాన్ని తానే రద్దు చేసుకుంటూ ఉంటుంది.

5. సాయంత్రం సెట్ చేయడం. ప్రీసెట్‌ను పూర్తి 50కెకి తిప్పి ఉంచి, దీపం వెలగాలనిపించే వెలుతురు వచ్చే దాకా ఆగండి. అప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి టక్ అన్నచోట ఆపేయండి. ఇంకాస్త వెనక్కి తిప్పినా దీపం ఆరదు. అది పాడవడం కాదు, హిస్టెరిసిస్ పనిచేస్తోందని అర్థం.

మాస్‌ఫెట్ లేదని మామూలు ట్రాన్సిస్టర్ పెట్టేవాళ్లు ఒక దెబ్బ తింటారు. పుల్‌అప్ 4.7కె, బేస్ రెసిస్టర్ 1కె అనుకోండి. బేస్ దగ్గర 0.7 వోల్టులే నిలుస్తాయి కాబట్టి అవుట్‌పుట్ 5 దాకా లేవలేక 1.45 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. దాంతో పై గీత 2.73 నుంచి 2.40కి జారిపోతుంది. కింది గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 0.46 ఎడం కాస్తా 0.13 అయిపోతుంది. సర్క్యూట్ చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, వణుకు మనం అనుకున్నదానికంటే పెరిగితే మాత్రం రిలే మళ్లీ టకటకలు మొదలుపెడుతుంది. మాస్‌ఫెట్ గేటు కరెంటు లాగదు కాబట్టి ఈ బెడద లేదు.

ఎడం ఎంత పెద్దదైతే అంత మంచిదా అంటే, కాదు. ఈ రకం ఎల్‌డీఆర్ మీద వెలుతురు పది రెట్లు పెరిగితే దాని రెసిస్టెన్స్ పది రెట్లు తగ్గదు, నాలుగైదు రెట్లే తగ్గుతుంది. ఆ లెక్కన 0.46 వోల్టుల ఎడం అంటే, దీపం వెలిగినప్పటి వెలుతురు సుమారు 1.7 రెట్లు పెరిగాక దీపం ఆరుతుందన్నమాట. ఇది హాయిగా ఉంటుంది. 47కె తీసి 10కె పెడితే గీతలు 1.7, 3.3 వోల్టుల చుట్టూ పడతాయి, వెలుతురు ఏడు రెట్లు పెరిగితే గానీ దీపం ఆరదు. సముద్రం వైపు మబ్బు కమ్మిన వాయుగుండం రోజుల్లో బాగా తెల్లారాక కూడా వెలుగుతూనే ఉంటుంది.

ఆ 1.7 రెట్లు ఇంకోచోట కూడా పట్టించుకోవాలి. దీపం తన వెలుగునే ఎల్‌డీఆర్ మీద పోస్తే, వెలగగానే తెల్లారిందనుకుని ఆరిపోతుంది, ఆరగానే చీకటనుకుని వెలుగుతుంది. ఈ కొట్టుకోవడం వణుకు వల్ల వచ్చే టకటకలా పది సెకన్లలో ఆగదు, రాత్రంతా ఒకే తాళంలో సాగుతుంది. తేడా అలా పోల్చుకోవచ్చు. దీనికి రెసిస్టర్లు మార్చి లాభం లేదు. ఎల్‌డీఆర్‌ను నల్లటి గొట్టంలో పెట్టి, దీపం కనపడని వైపు ఆకాశంలోకి తిప్పండి.

బీచ్ రోడ్డు వైపు ఇల్లయితే మలుపు తిరిగే కార్ల హెడ్‌లైట్లు ఇంకో సమస్య. అది సన్నటి వణుకు కాదు, ఒకటి రెండు సెకన్ల నిఖార్సైన పగలు, ఏ ఎడమూ దాన్ని ఆపదు. అందుకు ఆలస్యం కావాలి. ఎల్‌డీఆర్, ప్రీసెట్ కలిసే చోటికీ 2వ పిన్నుకూ మధ్య 22కె రెసిస్టర్ వేసి, 2వ పిన్ను నుంచి గ్రౌండుకు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. రాత్రిపూట ఎల్‌డీఆర్ మీద హెడ్‌లైటు సుమారు నాలుగు సెకన్లు ఆగకుండా పడితే తప్ప దీపం ఆరదు. ష్మిట్ ట్రిగ్గర్ లేకుండా ఈ కెపాసిటర్ ఒక్కటే పెడితే సరిపోతుందనుకునేవారున్నారు. ఎల్‌డీఆర్ నుంచి వచ్చే వణుకు తగ్గే మాట నిజమే, గీతను నెమ్మదిగా దాటడం మాత్రం అలాగే ఉంటుంది. రిలే లాగినప్పుడు సప్లైలో వచ్చే కుదుపు ఒక్కటి చాలు, మళ్లీ టకటకలు మొదలవడానికి.

చివరగా ఉప్పు గాలి. సముద్రం దగ్గర బోర్డు మీద పట్టిన ఉప్పు రాత్రి తేమకు తడిసి పిన్నుల మధ్య కరెంటును పారనిస్తుంది. ప్రీసెట్ ఒక మెగా ఓమ్ పెట్టుకుంటే ఈ లీకేజీకే దీపం వెలిగే వేళ రోజుకో తీరుగా మారుతుంది. 50కె ఎంచుకోవడానికి అది కూడా కారణం. టంకం వేశాక బోర్డును స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, రెండు వైపులా పీసీబీ వార్నిష్ పూయండి. ప్రీసెట్ తిరిగే భాగానికి, రిలేకు మాత్రం తగలనివ్వకండి. రిలే అవతలి వైపు 230 వోల్టులు. బోర్డును మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఫేజు వైరుకు ఒక ఆంపియర్ ఫ్యూజు వేసి, మెయిన్ ఆపాకే కలపండి.