ప్రవాసుల ఇంటి పనులే ఉపాధిగా – 3వ పాఠం: బర్త్ సర్టిఫికెట్ వెతికి ఇవ్వడం

కిందటి రెండు పాఠాల్లో పచ్చళ్లు, పొడులు పార్శిల్ కట్టి పంపడం, ఇక్కడున్న పెద్దవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పిల్లలకు కబురు చెప్పడం నేర్చుకున్నాం. అవి నెలనెలా ఉండే పనులు. ఈసారి పని ఒక కుటుంబానికి సాధారణంగా ఒక్కసారే వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం అవతలివాళ్లు చాలా టెన్షన్‌లో ఉంటారు. అమెరికాలో ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవాళ్లకు గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు, అంటే ఐ-485 వేసే అవకాశం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. లాయరు కాగితాల జాబితా పంపుతారు. అన్నీ అక్కడే దొరుకుతాయి, బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే గుంటూరులోనో తెనాలిలోనో ఏదో పాత రిజిస్టరులో ఉంటుంది. దాన్ని వెతికి తీయడమే ఈ పాఠం.

లాయరుకు కావలసింది ఏదో ఒక సర్టిఫికెట్ కాదు. అందులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు ఉండాలి. రిజిస్టర్ అయిన తేదీ కూడా చూస్తారు. పుట్టిన కొద్ది రోజుల్లోనే నమోదైతే సమస్య లేదు. ఏడాది దాటాక నమోదైందంటే ఇంకా ఆధారాలు చూపించమని అడిగే అవకాశం ఉంది. అందుకే 1987లో పుట్టిన మనిషికి ఈ ఏడాది తేదీతో కొత్తగా నమోదు చేయించి తెచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే సరిపోదు. ఇది తెలియక చాలామంది ముందు ఆ దారే పడతారు.

ఇక ఒక కేసు తీసుకుందాం. టెక్సాస్‌లో ఉంటున్న ఒకావిడ 1987లో పుట్టారు. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు గుంటూరు అని ఉంది. చిన్నప్పటి నుంచీ బ్రాడీపేటలోనే పెరిగారు, అమ్మానాన్నలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కార్పొరేషన్‌లో వెతికిస్తే ఆ ఏడాదిలో ఆవిడ ఎంట్రీ లేదు. ఇక్కడ చాలామంది చేతులెత్తేసి "రికార్డు లేదు" అని రాయించుకుని వచ్చేస్తారు. అలా చేయకండి. ఆఫీసుకు వెళ్లేముందే అమ్మగారి దగ్గర కూర్చోవాలి.

"అమ్మా, పెద్దమ్మాయి పురుడు ఎక్కడ పోసుకున్నారు?"

"మా పుట్టింట్లో నాయనా, తెనాలిలో. మొదటి కాన్పు కదా. నొప్పులు రాగానే మా అన్నయ్య నర్సింగ్ హోముకు తీసుకెళ్లాడు. బారసాల అయ్యాకే గుంటూరు వచ్చాను."

అంతే, సగం పని అయిపోయింది. జనన నమోదు బిడ్డ పుట్టినచోట జరుగుతుంది, తల్లిదండ్రులు కాపురం ఉన్నచోట కాదు. మన జిల్లాల్లో తొలి కాన్పు పుట్టింట్లో కావడం ఆనవాయితీ. పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం అందరూ తాము పెరిగిన ఊరే రాసేస్తారు. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ పురుడు ఎక్కడ పోశారన్నదే. రెండోది, ఆసుపత్రిలోనా ఇంట్లోనా. మూడోది, అప్పట్లో అమ్మమ్మగారి ఇల్లు ఏ పేటలో, ఏ పంచాయతీ కింద ఉండేది. పల్లెటూళ్లో పుట్టినవాళ్లయితే పాత జనన మరణ రిజిస్టర్లు చాలా గ్రామాలకు తహసీల్దార్ ఆఫీసు రికార్డు గదిలోనే ఉంటాయి. సచివాలయంలో కంప్యూటర్ చూసి లేదన్నంత మాత్రాన రికార్డు లేనట్టు కాదు, ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండకపోవచ్చు.

తెనాలి మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టి, తండ్రి పేరు, తేదీ చెప్పి పాత రిజిస్టరు తీయించారు. ఒక్క తేదీ మీదే ఆగకుండా ముందూ వెనకా రెండు నెలలు చూడమని అడగాలి. నర్సింగ్ హోమువాళ్లు సమాచారం పంపిన తేదీని బట్టి కూడా ఎంట్రీ వరుస మారుతుంది. ఎంట్రీ దొరికింది. తేదీ సరిపోయింది, తల్లి పేరు సరిగ్గా ఉంది. బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది, లింగం దగ్గర స్త్రీ అని మాత్రం ఉంది. తండ్రి పేరు దగ్గర ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది. ఇది తప్పు కాదు. నర్సింగ్ హోము నుంచి కాగితం వెళ్లేసరికి ఇంకా బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. ఆ తర్వాత ఎవరూ వెళ్లి రాయించలేదు.

ఖాళీగా ఉన్న పేరును చేర్చడానికి 1969 జనన మరణ నమోదు చట్టంలో 14వ సెక్షన్ ఉంది. నమోదైన 12 నెలల్లోపు ఉచితం, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు అని నిబంధన. అంతకన్నా పాతవాటికి ప్రభుత్వం అప్పుడప్పుడు గడువు పెంచుతూ వచ్చింది. అందుకే క్లయింటుకు మాట ఇచ్చేముందు ఆ రోజు ఏది అమల్లో ఉందో రిజిస్ట్రారును అడిగి తెలుసుకోండి. తీసుకెళ్లాల్సినవి: తల్లిదండ్రుల దరఖాస్తు, వాళ్ల ఆధార్, కూతురి పదో తరగతి మెమో, పాస్‌పోర్టు కాపీ, పేరు విషయమై నోటరీ చేయించిన అఫిడవిట్. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, విడిగానా కలిపా అన్నది కూడా అలాగే. ఇక్కడ చిన్న తేడా వస్తే మళ్లీ మొదటికొస్తుంది. తండ్రి పేరులాంటి సవరణకు 15వ సెక్షన్. పాత రాతను కొట్టేయరు. పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, రిజిస్ట్రారు సంతకం, తేదీ వేస్తారు.

గడువు దాటిపోయి పేరు చేర్చడం కుదరలేదనుకోండి. అప్పుడు పేరు లేని ఆ సర్టిఫికెట్‌నే తీసుకుని, దానికి తోడు అఫిడవిట్లు, మెమో ఇచ్చి లాయరుకు పంపాలి. అసలు రిజిస్టరు నుంచి వచ్చిన కాగితానికి ఉన్న విలువ పోదు.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఒకటుంది. రిజిస్టరులో తేదీ ఆగస్టు 14, మెమోలో జూన్ 1 ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని మాస్టారు వేసిన తేదీ అది. మన తరంలో ఇలాంటివాళ్లు లెక్కలేనంతమంది ఉన్నారు. పాస్‌పోర్టు మెమోను బట్టి వచ్చింది, కాబట్టి క్లయింటు "రిజిస్టరులో తేదీ మార్పించండి, ఖర్చు ఎంతైనా పరవాలేదు" అంటారు. ఒప్పుకోవద్దు. రిజిస్టరులో ఉన్నది నిజమైన తేదీ అయితే దాన్ని మార్చడం సవరణ కాదు. అలాగే రికార్డు దొరికాక దాన్ని పక్కన పెట్టి, లేదని సర్టిఫికెట్ తెప్పించడమూ వద్దు. ఆ కుటుంబం రేపు ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి మాట్లాడాల్సి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసి పంపి, ఎలా ముందుకెళ్లాలో వాళ్ల లాయరునే చెప్పనివ్వండి. ఏ ఫారం వేయాలి, ఏం రాయాలి అన్న సలహా మన పని కాదు. అమెరికాలో ఆ సలహా ఇవ్వడానికి లైసెన్సు కావాలి.

నిజంగానే రికార్డు లేదని తేలితే అప్పుడు 10వ నంబరు ఫారం, అంటే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందులో మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు, ఏ ఏడాది రికార్డులు వెతికారన్నది ఉన్నాయో లేదో ఆఫీసు గుమ్మం దాటకముందే చూసుకోండి. దానికి తోడు ఆ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు కావాలి. తల్లిదండ్రులు ఇస్తే మంచిది. వాళ్లు లేకపోతే మేనమామ, పిన్ని, పెద్దమ్మ ఎవరైనా ఇవ్వొచ్చు, కానీ బిడ్డ పుట్టేనాటికి జ్ఞానం వచ్చిన వయసువాళ్లయి ఉండాలి. బిడ్డ కంటే చిన్నవాళ్ల చేత రాయిస్తే దానికి విలువ లేదు.

నోటరీ దగ్గర టైపు చేసేవాళ్ల దగ్గర ఒక పాత నమూనా ఉంటుంది, పేర్లు మార్చి ఇచ్చేస్తారు. అందులో అసలు విషయం ఉండదు. రాసేవారి పూర్తి పేరు, చిరునామా, వాళ్లు పుట్టిన తేదీ, ఊరు, బిడ్డతో చుట్టరికం, బిడ్డ పూర్తి పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. వీటన్నిటికీ ప్రాణం ఇచ్చేది ఒక్క వాక్యం, తనకు ఎలా తెలుసన్నది. ఆ మేనమామగారి చేత ఇలా రాయించాలి: "నా చెల్లెలికి నొప్పులు వచ్చినప్పుడు తెనాలిలో మా ఇంటి నుంచి నేనే ఆమెను నర్సింగ్ హోముకు తీసుకెళ్లాను, కాన్పు అయ్యేవరకు అక్కడే ఉన్నాను." ఇది ఆయన నోటి నుంచి వచ్చి ఉండాలి, మనం కల్పించి రాసింది కాకూడదు. కాగితం ఇంగ్లిషులో టైపు చేయించి, తెలుగులో చదివి వినిపించి, అవునన్నాకే సంతకం పెట్టించండి.

చేతిరాత నకలు తెలుగులోనే ఉంటే ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. అనువదించినవారు తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని రాసి సంతకం చేస్తే చాలు. ముద్ర, సీలు, మార్జిన్‌లో రాసింది కూడా అనువదించాలి, వదిలేయకూడదు.

ఇక డబ్బు. వెతకడానికి ఒక మొత్తం, సవరణకు వేరే మొత్తం పెట్టుకోండి. రికార్డు దొరికినా దొరక్కపోయినా తిరిగింది తిరిగినట్టే, కాబట్టి వెతకడానికైన డబ్బు తిరిగి ఇవ్వబోమని ముందే రాసి పంపాలి. నోటరీ, స్టాంపు పేపరు, ప్రభుత్వ రుసుము రసీదులు విడిగా పెట్టి ఉన్నదున్నట్టు వసూలు చేయండి. వారంలో తెచ్చిస్తానని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. రికార్డు గది తాళం మన చేతిలో ఉండదు. దానికి బదులు ఏ రోజు ఏం జరిగిందో చెప్పండి. మనకు ఉదయం 7 గంటలంటే ఎండాకాలంలో టెక్సాస్‌లో ముందురోజు రాత్రి 8:30. పిల్లలకు అన్నాలు పెట్టి కూర్చునే వేళ, ఫోన్ ఎత్తుతారు.

పని పూర్తయ్యాక కాగితం ముందూ వెనకా కలర్ స్కాన్ తీసి పంపండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి తెరుచుకుంటోందో లేదో చూడండి. దరఖాస్తుకు సాధారణంగా కాపీ సరిపోతుంది, కానీ ఇంటర్వ్యూకు పిలిస్తే ఒరిజినల్ చూపించమంటారు. అందుకని ఒక ఒరిజినల్ అక్కడికి పంపి, రెండో ప్రతి అమ్మానాన్నల బీరువాలో ఉంచేలా రెండు ప్రతులకు దరఖాస్తు పెట్టండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం చేయండి. మీ ఇంట్లోనే 1990కి ముందు పుట్టిన ఒకరిని తీసుకోండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లను పై మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి, తర్వాత దరఖాస్తు పెట్టి సర్టిఫికెట్ తెప్పించండి. దాన్ని మెమో, పాస్‌పోర్టు, ఆధార్ పక్కన పెట్టి పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం సరిచూసి, తేడాలన్నీ ఒక కాగితం మీద రాయండి. నాలుగో పాఠంలో విదేశాల నుంచి వచ్చే పవర్ ఆఫ్ అటార్నీని ఇక్కడ స్టాంపు చేయించడం చూద్దాం.