చిన్న నమూనాల గణాంకం, 7వ పాఠం: సగటును వదిలి ర్యాంకులను పట్టుకుంటే

గత పాఠంలో రెండు గుంపుల సగటులను టీ-పరీక్షతో పోల్చాం. ఈసారి ఆ పరీక్ష తడబడే చోటుకు వద్దాం.

అనంతపురం జిల్లాలో వర్షాధారంగా వేరుశనగ వేసిన పది చేలు ఉన్నాయనుకోండి. చీటీలు తీసి అయిదు చేలను ఎంచి, వాటికి పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేశారు. మిగతా అయిదింటికి వేయలేదు. ఎకరా దిగుబడి క్వింటాళ్లలో ఇలా ఉంది (అంకెలు పాఠం కోసం నేను కూర్చినవి):

```
j <- c(3.1, 3.6, 4.0, 4.4, 11.2)   # జిప్సం వేసినవి
m <- c(2.0, 2.4, 2.7, 3.0, 3.3)    # వేయనివి
wilcox.test(j, m, conf.int = TRUE)
```

11.2 దగ్గర కన్ను ఆగుతుంది. ముందు చేయవలసిన పని, అది రాతలో దొర్లిన పొరపాటేమోనని చూడటం. కాదని తేలితే ఉంచాల్సిందే. ఈ జిల్లాలో ఒక ఊరి చేను తడిసిన రోజు పక్క ఊరి చేను ఎండుతూ ఉంటుంది. అదును వాన పడిన చేను ఒక్కటే మిగతావాటిని దాటిపోవడం ఇక్కడి దిగుబడుల సహజ స్వభావం.

సగటులు 5.26, 2.68. తేడా 2.58 క్వింటాళ్లు. అయినా టీ-పరీక్షలో పి-విలువ 0.13 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు 11.2ను 4.5గా మార్చి చూడండి. సగటుల తేడా 1.24కు, అంటే సగానికి పడిపోతుంది, పి-విలువ మాత్రం 0.01 కిందికి దిగుతుంది! జిప్సం వేసిన చేను ఎక్కువ పండినందుకే జిప్సం పనిచేసిందన్న ఆధారం బలహీనపడిందన్నమాట. కారణం, ఆ ఒక్క అంకె సగటును ఎంత పెంచిందో, చెదురును అంతకు మించి పెంచింది.

పై ఆదేశంలోని `wilcox.test` నడిపేది మాన్-విట్నీ పరీక్షను. అది చేసే పని చాలా సరళం. జిప్సం వేసిన ప్రతి చేనును వేయని ప్రతి చేనుతో జత కడితే 25 జతలు వస్తాయి. వాటిలో 24 జతల్లో జిప్సం చేనుదే పైచేయి. 3.1, 3.3ల జతలో మాత్రమే తలకిందులైంది. జిప్సం ప్రభావమే లేదనుకుంటే, పది దిగుబడులను అయిదేసి చొప్పున రెండు గుంపులుగా విడదీసే 252 విధాలకూ సమాన అవకాశం ఉండాలి. ఇంత ఏకపక్షంగా, లేదా ఇంతకన్నా ఎక్కువ ఏకపక్షంగా ఉండేవి ఒక వైపు రెండు, మరో వైపు రెండు. 4/252, అంటే 0.016.

మరి కోల్పోయిందేమిటి? 11.2 స్థానంలో 4.5 ఉన్నా, 40 ఉన్నా ఈ 0.016 మారదు. పరీక్షకు వరుస తెలుసు, దూరం తెలియదు. జిప్సం ఖర్చు ఎన్ని క్వింటాళ్లతో తిరిగి వస్తుందని రైతు అడిగితే పి-విలువ దగ్గర జవాబు లేదు. అందుకే పై ఆదేశంలో `conf.int = TRUE` రాశాను. అది 25 జతల తేడాలను వరుసలో పెట్టి నడిమిదాన్ని తీసుకుంటుంది: 1.3 క్వింటాళ్లు. విశ్వాస అంతరం 0.3 నుంచి 8.5 దాకా. పి-విలువ చూసి పొంగిపోయేవారు ఈ వెడల్పును తప్పక చూడాలి. పైగా ఈ 1.3ను జిప్సం వల్ల వచ్చిన పెరుగుదల అని చెప్పాలంటే, రెండు గుంపుల పంపిణీలూ ఒకే ఆకారంలో ఉండి, ఒకటి మరొకదానికి కాస్త పక్కకు జరిగి ఉండాలి. ఇక్కడ ఒక గుంపుకే పొడవాటి తోక ఉంది. కాబట్టి నివేదికలో “25 జతల్లో 24” అన్న మాటనే ముందు రాస్తాను. “మధ్యగతాలు వేరని తేలింది” అని రాయను, ఈ పరీక్ష ఆ సంగతి చెప్పదు.

ర్యాంకులకు మారితే పరీక్ష బలం పోతుందన్న భయం చాలామందిది. దత్తాంశం నిజంగా సామాన్య పంపిణీదే అయినా, పెద్ద నమూనాల్లో ఈ పరీక్ష సామర్థ్యం టీ-పరీక్షతో పోలిస్తే 3/π, సుమారు 0.955. ఆ నష్టం స్వల్పం. అసలు దెబ్బ మరీ చిన్న నమూనాల్లో తగులుతుంది. మూడేసి చేలే ఉంటే విడదీసే విధాలు 20. జిప్సం చేలు మూడూ వేయనివాటికన్నా పైనే నిలిచినా పి-విలువ 2/20, అంటే 0.10 కన్నా తగ్గదు. 0.05 గీత పెట్టుకున్నవారికి ఆ ప్రయోగం విత్తనం వేయకముందే ఓడిపోయినట్టు. నాలుగేసి ఉంటే 2/70, సుమారు 0.029 దాకా దిగవచ్చు. ఈ భాగహారం చేలు ఎంచే రోజునే చేయాలి.

అభ్యాసం: వచ్చే పాఠంలో ఒకే చేనును రెండుగా చీల్చి, ఒక సగానికే జిప్సం వేసిన అయిదుగురు రైతుల లెక్క చూస్తాం. అక్కడ ప్రతి తేడాకూ ప్లస్ లేదా మైనస్ గుర్తు వస్తుంది. అయిదింటికీ ప్లస్ వచ్చిందనుకోండి. గుర్తులు పడే విధాలు మొత్తం ఎన్ని? ఆ అయిదుగురితో 0.05 కిందికి దిగడం సాధ్యమా, కనీసం ఎందరు రైతులు కావాలి? కాగితం మీద లెక్కించి ఉంచుకోండి.