ప్లాన్ 300, వచ్చేది 94: దారిలో దాక్కున్న పాత 100 పోర్టును పట్టుకోవడం

సమస్య ఎలా కనిపిస్తుంది

ప్లాన్ 200, 300, ఒక్కోసారి 500 ఎంబీపీఎస్ కూడా ఉంటుంది. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 93, 94, 95 దగ్గర ఆగిపోతుంది. పొద్దున పెట్టినా, అర్ధరాత్రి పెట్టినా, సర్వర్ మార్చినా అదే అంకె. పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే సెకనుకు 11 మెగాబైట్ల చుట్టూ తిరుగుతుంది తప్ప పైకి పోదు.

ఇక్కడ చూడాల్సింది స్పీడ్ తక్కువగా ఉందని కాదు, అది కదలకుండా ఉందని. వైఫై సిగ్నల్ బలహీనంగా ఉంటే ఒకసారి 60, ఇంకోసారి 130 వస్తుంది. కంపెనీ వైపు రద్దీ ఉంటే సాయంత్రం పడిపోయి రాత్రి పెరుగుతుంది. గోడకు గుద్దుకున్నట్టు ప్రతిసారీ 94 దగ్గరే ఆగుతోందంటే మాత్రం దారిలో ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్ మీద నడుస్తోందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

100 పోర్టులో 94 ఎందుకంటే, తీగ మీద వెళ్లే ప్రతి ప్యాకెట్‌కూ చిరునామాలు, తనిఖీ అంకెలు, ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య చిన్న ఖాళీ ఉంటాయి. 1538 బైట్ల జాగా వాడితే అందులో మన డేటా సుమారు 1450 బైట్లు. అంటే నూటికి 94 చిల్లర. ఈ లెక్క చెబుతున్నది ఇంకోటి కూడా ఉంది. మీ ప్లానే 100 అయి 94 వస్తుంటే బాగు చేయాల్సిందేమీ లేదు.

కారణం

100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ ప్రమాణం 1995లో వచ్చింది. రాగి తీగల మీద గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, 1999లో వచ్చింది. ఇన్నేళ్లయినా 100 పోర్టులున్న రౌటర్లు, అడాప్టర్లు కొత్తవిగా ఇంకా తయారవుతూనే ఉన్నాయి. అందుకే ‘కొత్తదే కదా’ అన్న ఒక్క మాటతో ఏ పరికరాన్నీ అనుమానం నుంచి తప్పించకూడదు.

పెట్టె మీది పేర్లు కూడా తప్పుదారి పట్టిస్తాయి. ‘ఫాస్ట్ ఈథర్నెట్’ అని రాసుంటే అది 100 పోర్టే, పేరులో మాత్రమే ఫాస్ట్. ‘ఏసీ1200’ లాంటి పెద్ద అంకె వైఫైది, వెనకున్న పోర్టులది కాదు. వైఫై రెండు బ్యాండ్లూ కలిపి 1200 చూపించే రౌటర్‌కు ఇంటర్నెట్ వచ్చే వ్యాన్ పోర్టు 100ది ఉండటం చాలా మామూలు. ఫోన్‌లో వైఫై లింకు 866 అని కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం 94 దాటదు. వివరాల పట్టికలో పోర్టుల వరుస చూడండి. 10/100/1000 అని ఉంటే గిగాబిట్, 10/100 తో ఆగిపోతే అదే మన గోడ.

ఎక్కడుందో వెతకడం

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఒక పరికరం మార్చి స్పీడ్ టెస్ట్ చేస్తారు. 94 మారకపోతే ఆ పరికరం తప్పు కాదని తేల్చేసి పాతదే మళ్లీ పెడతారు. కానీ దారిలో 100 లింకులు రెండుంటే ఒకదాన్ని తీసేసినా అంకె 94 గానే ఉంటుంది. గోడ ఉందని మాత్రమే స్పీడ్ టెస్ట్ చెబుతుంది. ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో చెప్పదు. అవి తెలియాలంటే ఒక్కో లింకు ఏ వేగంలో కలిసిందో విడిగా చూడాలి.

మా అన్నయ్య ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ప్లాన్ 300. ఫైబర్ మోడెమ్ నుంచి రౌటర్‌కు ఒక కేబుల్, రౌటర్ నుంచి పై గదిలో కనెక్షన్‌ను పరికరాలకు పంచే చిన్న స్విచ్‌కు ఒకటి, స్విచ్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఒకటి. ల్యాప్‌టాప్‌లో 94. రౌటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో చూస్తే 93. అంతకు వారం ముందే గిగాబిట్ రౌటర్ కొన్నాడు, ఏమీ మారలేదు. ‘ఇది కూడా వేస్టేరా, వాపసు ఇచ్చేస్తా’ అన్నాడు.

వాపసు ఇవ్వనివ్వలేదు, ఎందుకంటే ఫోన్ అంకె అప్పటికే సగం జవాబు చెప్పేసింది. ఫోన్ డేటా పై గది స్విచ్ గుండా పోదు. అయినా 93 వచ్చిందంటే కనీసం ఒక గోడ రౌటర్ దగ్గరో దానికి ముందో ఉంది. స్విచ్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

ఇలాంటప్పుడు నేను ల్యాప్‌టాప్‌నే కొలిచే పరికరంగా వాడతాను. ముందుగా ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌దో కాదో చూసుకోవాలి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది ఇవ్వండి:

```
Get-NetAdapter | Format-Table Name, InterfaceDescription, LinkSpeed
```

`InterfaceDescription` కింది పేరులో `GbE` ఉంటే గిగాబిట్, `FE` ఉంటే 100. చివరి నిలువు వరుసలో `1 Gbps` లేదా `100 Mbps` అని ప్రస్తుతం కలిసిన వేగం కనిపిస్తుంది. ఇప్పుడు ఎనిమిది తీగలూ ఉన్న ఒక మంచి పొట్టి కేబుల్ తీసుకుని ఆ ల్యాప్‌టాప్‌ను ఒక్కో పోర్టుకూ పెట్టి ఇదే కమాండ్ మళ్లీ ఇవ్వండి. మోడెమ్ పోర్టులు, రౌటర్ వ్యాన్ పోర్టు, ఇంట్లోని పరికరాలకు కలిపే ల్యాన్ పోర్టులు, స్విచ్, ఏదీ వదలొద్దు. వ్యాన్ పోర్టుకు పెడితే ఇంటర్నెట్ రాదు, అయినా ఫర్వాలేదు. లింకు కలుస్తుంది, మనకు కావాల్సింది ఆ వేగమే. మొత్తం పది నిమిషాల పని.

అన్నయ్య ఇంట్లో రౌటర్ పోర్టులన్నీ `1 Gbps` చూపించాయి. మోడెమ్‌కు నాలుగు ల్యాన్ పోర్టులున్నాయి. మొదటిది `1 Gbps`, మిగతా మూడూ `100 Mbps`. రౌటర్ కేబుల్ ఉన్నది మూడో దాంట్లో. నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి కేబుల్ పెట్టినవాళ్లను తప్పుపట్టలేం. ఒక్క పోర్టే గిగాబిట్‌ది ఉండే మోడెమ్‌లు చాలానే ఉన్నాయి. కొన్నింటి మీద గిగాబిట్‌కు జీఈ, 100కు ఎఫ్ఈ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నింటి మీద అదీ ఉండదు.

కేబుల్‌ను మొదటి పోర్టుకు మార్చాం. ఫోన్‌లో 290 దాటింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం అదే 94! స్విచ్‌కు పెట్టి చూస్తే `100 Mbps`. రెండో గోడ అదే. మేము ముందు స్విచ్ మార్చి ఉంటే అంకె కదిలేది కాదు, అదీ బాగానే ఉందనుకుని పాతదే తగిలించేవాళ్లం.

పోర్టు తప్పా, కేబుల్ తప్పా

రెండు వైపులా గిగాబిట్ పోర్టులే ఉండి, మధ్య లింకు మాత్రం 100 చూపిస్తే కేబుల్‌ను అనుమానించాలి. 100 నడవడానికి 1, 2, 3, 6 పిన్నుల్లోని రెండు జతల తీగలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, పిన్ను సరిగ్గా నొక్కుకోకపోయినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. కేబుల్ కొసన పారదర్శకంగా ఉండే ప్లగ్గులోకి చూసి రంగు తీగలు లెక్కపెట్టండి. కొన్ని పాత కేబుళ్లలో నాలుగే ఉంటాయి. ఒక కేబుల్‌ను రెండు కనెక్షన్లుగా చీల్చే స్ప్లిటర్ జంట ఉన్నా ఇదే ఫలితం, అది ఒక్కో కనెక్షన్‌కు రెండు జతలే ఇస్తుంది.

లినక్స్ ఉన్నవాళ్లకు ఇంకా సూటి మార్గం ఉంది. `eth0` బదులు మీ పోర్టు పేరు పెట్టండి:

```
sudo ethtool eth0
```

ఇందులో `Link partner advertised link modes` అన్న చోట అవతలి పరికరం తాను ఏయే వేగాలు చేయగలనని చెబుతోందో కనిపిస్తుంది. అక్కడ `1000baseT/Full` ఉండి కూడా `Speed: 100Mb/s` ఉంటే, మీ పోర్టు కూడా గిగాబిట్‌దే అయితే, తప్పు కేబుల్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ 100 వరకే ఉంటే అవతలి పోర్టే 100ది, లేదా ఎవరో దాన్ని 100కు కట్టేశారు.

కట్టేయడం మన వైపూ జరగొచ్చు. విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ `Advanced` ట్యాబ్‌లో `Speed & Duplex` చూడండి. అక్కడ `100 Mbps Full Duplex` ఉంటే `Auto Negotiation` కు మార్చండి. కొత్త కేబుల్ కొనే ముందు దీన్ని ఒకసారి చూసుకోవడం మంచిది.

బాగు చేయడం

ముందు ఖర్చు లేనివి. మోడెమ్‌లో గిగాబిట్ పోర్టుకు కేబుల్ మార్చడం, ల్యాప్‌టాప్‌ను స్విచ్ తప్పించి నేరుగా రౌటర్‌కు కలపడం, కేబుల్ మార్చి చూడటం. వీటితో తేలకపోతేనే కొనుగోలు.

రౌటర్ వ్యాన్ పోర్టే 100ది అయితే మరో దారి లేదు, రౌటర్ మార్చాలి. ఏ సెట్టింగూ, ఏ ఫర్మ్‌వేర్ అప్‌డేటూ ఆ చిప్‌ను గిగాబిట్ చేయలేదు. మోడెమ్ పోర్టులన్నీ 100వే అయితే కనెక్షన్ ఇచ్చినవాళ్లతో మాట్లాడి మార్పించుకోండి. ‘స్పీడ్ రావట్లేదు’ అంటే రీస్టార్ట్ చేయమంటారు. ‘మోడెమ్ ల్యాన్ పోర్టు 100 దగ్గరే లింక్ అవుతోంది’ అని చెప్పండి, మాట నేరుగా విషయానికి వస్తుంది.

యూఎస్‌బీ అడాప్టర్ దగ్గర రెండు విషయాలు చూడాలి. ఆర్‌టీఎల్8152 చిప్‌ ఉన్నది 100 అడాప్టర్, ఆర్‌టీఎల్8153 ఉన్నది గిగాబిట్. ఇక గిగాబిట్ అడాప్టర్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టుకు పెడితే ఆ పోర్టు పరిమితే 480 ఎంబీపీఎస్, చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. 500 ప్లాన్ ఉన్నవాళ్లు యూఎస్‌బీ 3.0 పోర్టుకే పెట్టాలి.

గిగాబిట్ స్విచ్ వచ్చాక అన్నయ్య పాత 100 స్విచ్‌ను పారేయబోయాడు. ఆపాను. దాన్ని కొత్త స్విచ్ తర్వాత, చివర్లో పెట్టి ప్రింటర్‌కూ టీవీకీ ఇచ్చాం. 4కే వీడియోకు 25 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది, 94 వాటికి ఎక్కువే. పాత స్విచ్ వెనక వేగం కావాల్సిన పరికరం ఏదీ లేకుండా చూసుకున్నాం, అంతే. ల్యాప్‌టాప్‌లో ఆ సాయంత్రం 296 వచ్చింది.