కంప్రెసర్, టర్బైన్ నుంచి బయటికొచ్చే గాలి అసలు ఉష్ణోగ్రత ఎలా కనుక్కోవాలి?

చాలా ఏళ్లుగా ఈ లెక్కలు దిద్దుతున్నాను. ఫార్ములా అందరికీ నోటికి వస్తుంది, తప్పేమో ప్రతిసారీ ఒకే చోట జరుగుతుంది. అందుకే మొదటి మెట్లు గబగబా చెప్పేసి ఆ చోటికి వెళ్తాను.

ఒక కంప్రెసర్ 300 కెల్విన్, అంటే 27 డిగ్రీల గాలిని 1 బార్ నుంచి 8 బార్‌కి నొక్కుతోంది. ఐసెంట్రోపిక్ ఎఫిషియెన్సీ 80 శాతం. ఉష్ణోగ్రత కచ్చితంగా కెల్విన్‌లోనే ఉండాలి. గేజ్ మీద 7 బార్ కనిపిస్తే దానికి వాతావరణ పీడనం 1 కలిపి 8 అనుకోవాలి. ముందుగా నష్టాలేవీ లేని ఆదర్శ ఉష్ణోగ్రత కట్టండి. గాలికి k = 1.4.

```
T2s = T1 × (P2/P1)^((k-1)/k)
T2s = 300 × 8^0.2857 = 543.4 K
```

ఆ 0.2857ని 0.3 అని రాయకండి, ఇక్కడే 16 డిగ్రీలు ఎక్కువ వచ్చేస్తుంది. నేనైతే 2/7 అనే కొడతాను, మీరూ అలాగే కొట్టండి.

ఇప్పుడు అసలు మెట్టు. చాలామంది 543.4ని తీసుకెళ్లి 0.8తో భాగించి 679 అని రాసేస్తారు. అది తప్పు. ఎఫిషియెన్సీ అనేది పనికి సంబంధించిన నిష్పత్తి, గాలిలో ఆ పని కనిపించేది ఉష్ణోగ్రత పెరుగుదలలోనే. ఇన్లెట్‌లో గాలి తనతో తెచ్చుకున్న 300కి కంప్రెసర్ పనితో సంబంధం లేదు, దాన్ని భాగించడంలో అర్థమూ లేదు. కాబట్టి ముందు తేడా తీయండి, 543.4 - 300 = 243.4. ఈ తేడాని మాత్రమే ఎఫిషియెన్సీ ముట్టుకోవాలి.

```
T2 = 300 + 243.4/0.8 = 604.3 K
```

అంటే సుమారు 331 డిగ్రీలు. తేడాని విడిగా ఒక లైన్‌లో రాయడం నా దగ్గర తప్పనిసరి. మొత్తం ఒకే ఫార్ములాగా బట్టీ పట్టినవాళ్లే టర్బైన్ దగ్గర దొరికిపోతారు.

ఎందుకంటే టర్బైన్‌లో భాగించకూడదు, గుణించాలి. కంప్రెసర్‌కి ఆదర్శం కంటే ఎక్కువ పని పెట్టాలి, అందుకే పెరుగుదల పెద్దదవుతుంది. టర్బైన్ ఆదర్శం కంటే తక్కువ పని ఇస్తుంది, అందుకే తగ్గుదల చిన్నదవుతుంది. ఇన్లెట్ 1300 కెల్విన్, పీడనం 8 నుంచి 1 బార్‌కి, ఎఫిషియెన్సీ 85 శాతం అనుకుందాం. ఇంత వేడి గాలికి k దాదాపు 1.33 తీసుకోవాలి. అప్పుడు ఆదర్శ అవుట్‌లెట్ 776, తగ్గుదల 524, దాన్ని 0.85తో గుణిస్తే 445. అసలు అవుట్‌లెట్ 1300 - 445 = 855 కెల్విన్.

పొరపాటున 524ని 0.85తో భాగిస్తే అవుట్‌లెట్ 684 వస్తుంది, అంటే ఆదర్శ టర్బైన్ కంటే కూడా చల్లగా! అలా జరగాలంటే ఎంట్రోపీ తగ్గాలి, బయటికి వేడి పోని యంత్రంలో అది కుదరదు. భాగించాలా గుణించాలా అని టెన్షన్ పడేవాళ్లకి నేను చెప్పేది ఇదే: కంప్రెసర్ అయినా టర్బైన్ అయినా, అసలు అవుట్‌లెట్ ఆదర్శ అవుట్‌లెట్ కంటే వేడిగానే ఉండాలి. రాపిడితో, సుడులతో పోయిన పని ఎక్కడికీ పోదు, వేడిగా మారి ఆ గాలిలోనే ఉండిపోతుంది. 604 అనేది 543 కంటే ఎక్కువ, 855 అనేది 776 కంటే ఎక్కువ, రెండూ సరే. ఈ పరీక్ష ఆ 679 తప్పుని మాత్రం పట్టదు, అందుకే తేడా లైన్ మీద అంత పట్టుపట్టాను.

k గురించి ఇంకొక్క మాట, కొందరు అన్నిచోట్లా 1.4 పెట్టి వదిలేస్తారు. కంప్రెసర్‌కి అది పెద్దగా నష్టం చేయదు, గాలి టేబుల్స్‌తో ఎంథాల్పీ చూసి కడితే 598 వస్తుంది, మనకొచ్చింది 604. టర్బైన్‌లో మాత్రం 1.4 పెడితే 805 వస్తుంది, టేబుల్స్ 853 అంటాయి. గాలి వేడెక్కేకొద్దీ దాని విశిష్టోష్ణం పెరుగుతుంది, k తగ్గుతుంది. అందుకే టర్బైన్‌కి టేబుల్స్ వాడటమే నాకు ఇష్టం, అవి చేతిలో లేకపోతే 1.33.

వర్క్‌షాప్‌లో 7 బార్ గేజ్ స్క్రూ కంప్రెసర్ డిస్‌ప్లే మీద 90 డిగ్రీలు చూసి ఈ లెక్క తప్పని నాతో వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ రకం యంత్రంలో గాలితోపాటు ఆయిల్ కూడా చల్లుతారు, వేడిలో ఎక్కువ భాగం ఆయిలే మోసుకుపోతుంది. నొక్కే దారిలో ఆయిల్‌తోనో, మధ్యలో ఇంటర్‌కూలర్‌తోనో చల్లబరిచే యంత్రం మొత్తానికి ఒకేసారి ఈ పద్ధతి పెట్టకండి. ఇంటర్‌కూలర్ ఉంటే దానికి ముందు స్టేజీకి ఒకసారి, తర్వాత స్టేజీకి ఇంకోసారి విడివిడిగా కట్టాలి, రెండో స్టేజీ ఇన్లెట్‌గా కూలర్ నుంచి వచ్చిన ఉష్ణోగ్రతని తీసుకోవాలి.